రంగప్రవేశం వీడియోకి కవర్ బొమ్మ ఎంచడం: ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి

మేనకోడలి కూచిపూడి రంగప్రవేశం అయిపోయి మూడు వారాలైంది, వీడియో నిన్న చేతికొచ్చింది. మొత్తం గంటా నలభై నిమిషాలు, ఏడు అంశాలు. టీచర్ గారు ఒక్కో అంశాన్ని విడివిడిగా తన ఛానల్‌లో పెడతానన్నారు, కవర్ బొమ్మలు చూసే పని నాకు అప్పజెప్పారు. అక్క అప్పటికే వీడియో చూస్తూ పాజ్ నొక్కి పదిహేను స్క్రీన్‌షాట్లు పంపింది. "ఒరేయ్, ఒక్కటీ బాగా రావట్లేదు, చెయ్యి పొగలాగా ఉంటోంది, లేదంటే కళ్లు మూసుకుని ఉంటోంది" అని.

అది అక్క తప్పు కాదు. మంచి క్షణం కంటికి కనిపించి, వేలు బటన్ నొక్కేసరికి పావు సెకను పోతుంది. సెకనుకు 25 ఫ్రేములున్న వీడియోలో అది ఆరు ఫ్రేములు. జతి ముగింపులో పిల్ల ఆగిన భంగిమ మనకి నచ్చి నొక్కేలోపు తను తర్వాతి అడుగులోకి వెళ్లిపోయి ఉంటుంది. వెనక్కి ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ వెతకొచ్చు గానీ ఏడు అంశాలకి అలా కూర్చుంటే రెండు ఆదివారాలు అయిపోతాయి, పైగా వందో ఫ్రేము దగ్గరికి వచ్చేసరికి కంటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఒక చిన్న ప్రోగ్రాం రాసి, పనికిరానివన్నీ అదే తీసేస్తే మిగిలిన పదో పదిహేనో టీచర్ గారికి చూపిద్దామనుకున్నాను. చివరి మాట ఆవిడదే, అందులో మార్పు లేదు.

మొదటి అడుగుగా అందరూ చేసేదే చేశాను. ప్రతి ఫ్రేమునీ నలుపు తెలుపు చేసి, ఓపెన్‌సీవీలో లాప్లాసియన్ వేసి, వచ్చిన విలువల్లో చెదురు ఎంతుందో లెక్కగట్టడం. బొమ్మలో అంచులు గట్టిగా ఉంటే ఒక పిక్సెల్‌కీ పక్క పిక్సెల్‌కీ తేడా ఎక్కువ, ఆ సంఖ్య పెరుగుతుంది. బొమ్మ మసకైతే తేడాలన్నీ కరిగిపోయి సంఖ్య పడిపోతుంది. రాత్రికి మొత్తం వీడియో మీద నడిపించి పడుకున్నాను.

ఆదివారం

పొద్దున్నే చూస్తే ఫలితం తలకిందులు. అన్నిటికన్నా ఎక్కువ స్కోరు వచ్చిన ఇరవై ఫ్రేముల్లో ఇరవయ్యీ పిల్ల గిర్రున తిరుగుతున్నవే. నిలబడి ఉన్న భంగిమలు ఎక్కడో అడుగున ఉన్నాయి. కోడ్‌లో వరుస తిరగబడిందేమోనని రెండుసార్లు చూశాను, కోడ్ సరిగ్గానే ఉంది.

మొదటి ఫ్రేముని నాలుగింతలు పెద్దది చేసి చూస్తే అప్పుడు కనిపించింది. చెయ్యి అంచంతా దువ్వెన పళ్లలా అడ్డగీతలు. ఫైల్ పేరు చివర `.MTS` అని ఉన్నప్పుడే అనుమానం రావాల్సింది. క్యామ్‌కార్డర్‌లో ఇంటర్‌లేస్డ్ పద్ధతిలో తీసిన వీడియో అది. ఆ పద్ధతిలో కెమెరా సెకనుకు 25 పూర్తి బొమ్మలు తియ్యదు, 50 సగం బొమ్మలు తీస్తుంది. ఒకసారి బేసి వరుసలు, సెకనులో యాభయ్యో వంతు గడిచాక సరి వరుసలు. ఆ రెండు సగాల్నీ అల్లి ఒక ఫ్రేము అంటుంది. వెనక గోడ కదలదు కాబట్టి దానికి ఏమీ కాదు. చెయ్యి కదులుతుంటే మాత్రం బేసి వరుసల్లో ఒకచోట, సరి వరుసల్లో ఇంకోచోట ఉంటుంది, ఆ రెంటినీ అల్లితే పళ్లు పళ్లుగా వస్తుంది. లాప్లాసియన్‌కి ఆ పళ్లన్నీ పదునైన అంచులే. ఎంత వేగంగా కదిలితే అన్ని పళ్లు, అంత స్కోరు. చాలా ప్లేయర్లు చూపించేటప్పుడే దీన్ని సర్దేస్తాయి కాబట్టి మామూలుగా చూసినప్పుడు కనిపించదు, ఫ్రేము విడిగా తీస్తేనే బయటపడుతుంది.

ఫైల్‌ని ముందే ఇలా అడిగి ఉంటే ఒక రాత్రి మిగిలేది:

```
ffprobe -v error -select_streams v:0 \
  -show_entries stream=field_order -of default=nw=1 00003.MTS
```

`field_order=tt` అని వచ్చింది. `progressive` అని వస్తే ఈ గొడవ లేదు. `tt` గానీ `bb` గానీ వస్తే ముందు సగం బొమ్మల్ని విడదీయాలి:

```
ffmpeg -i 00003.MTS -vf yadif=1 -c:v libx264 -crf 14 -an satya.mp4
```

ఇక్కడ `yadif=1` లో ఆ 1 ముఖ్యం. అది లేకపోతే రెండు సగాలకీ కలిపి ఒకే ఫ్రేము వస్తుంది, సెకనుకు 25. 1 పెడితే ప్రతి సగం బొమ్మా ఒక పూర్తి ఫ్రేమవుతుంది, సెకనుకు 50. నాకు కావలసింది అదే, ఎంచుకోవడానికి రెట్టింపు క్షణాలు దొరుకుతాయి. లేని వరుసల్ని అది పక్క వరుసల్నీ ముందూవెనకా ఫ్రేముల్నీ చూసి పూరిస్తుంది. కదలకుండా ఉన్న చోట ముందు ఫ్రేములోని అసలు వరుస దాదాపు అలాగే దొరుకుతుంది కాబట్టి వివరం పోదు, కదిలిన చోట ఊహించి పూరించాల్సిందే కాబట్టి నిలువు వివరం తగ్గుతుంది. అంటే నిశ్చలంగా ఉన్న భంగిమకి ఇక్కడే ఒక లాభం ఉంది, ఈ సంగతి తర్వాత బాగా పనికొచ్చింది.

ఫోన్‌లో తీసిన వీడియోకి ఈ సమస్య ఉండదు గానీ ఇంకొకటి ఉంటుంది. ఫోన్లు చాలావరకు ఫ్రేముల మధ్య వ్యవధిని వెలుతురుని బట్టి మారుస్తుంటాయి. ఫ్రేము నంబరుని 30తో భాగించి సమయం లెక్కేస్తే, చివర్లో మనం ఎంచిన ఫ్రేము ఒకటి, బయటికి తీసింది ఇంకొకటి అవుతుంది. ఫ్రేము నంబరు కాకుండా ఫైల్‌లో రాసి ఉన్న సమయాన్నే దాచుకోవాలి.

సోమవారం

దువ్వెన పళ్లు పోయాయి. ఇప్పుడు తిరుగుళ్లు పైకి రావట్లేదు. కానీ పైకి వచ్చినవాటిలో సగం ఫ్రేముల్లో పిల్ల ముఖం మసగ్గా ఉంది, వెనక కట్టిన ఫ్లెక్సీ బ్యానర్ మాత్రం అక్షరం అక్షరం చదివేలా ఉంది. నల్ల అక్షరాలు, పసుపు నేల. లాప్లాసియన్‌కి అంతకన్నా ఇష్టమైనది ఉండదు. పిల్ల పక్కకి జరిగి బ్యానర్ ఎంత ఎక్కువ కనిపిస్తే అంత స్కోరు.

దీనికి మందు తెలిసిందే, ముఖాన్ని మాత్రమే కొలవాలి. మీడియాపైప్ ముఖాన్ని పట్టి 478 బిందువులు ఇస్తుంది, వాటి చుట్టూ చతురస్రం గీసి అంతవరకే కత్తిరించాను. ముఖం దూరంలో ఉంటే చిన్నగా, దగ్గరగా ఉంటే పెద్దగా ఉంటుంది కాబట్టి రెంటినీ ఒకే కొలతకి తేకుండా పోల్చకూడదు.

```python
g = cv2.cvtColor(face, cv2.COLOR_BGR2GRAY)
g = cv2.resize(g, (96, 96), interpolation=cv2.INTER_AREA)
g = cv2.GaussianBlur(g, (3, 3), 0)
score = cv2.Laplacian(g, cv2.CV_64F).var() / (g.var() + 1)
```

96 ఎందుకంటే, నిలువెత్తు భంగిమలో పిల్ల తెరలో ముప్పావు వంతు పైన ఉన్నప్పుడు ముఖం 110 పిక్సెళ్ల దాకా వస్తోంది. 96 కన్నా చిన్న ముఖాల్ని సాగదీసి కొలిస్తే అవి ఎలాగూ మసగ్గానే కనిపిస్తాయి, అందుకని వాటిని పక్కన పెట్టేశాను. ముందు కొద్దిగా మసక చెయ్యడం ఎందుకంటే, వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా వేసే చుక్కలు కూడా పదునుగా లెక్కకొస్తాయి. చీకటి ఫ్రేములకి దొంగ మార్కులు పడతాయన్నమాట.

చివర్లో ఆ భాగహారం స్టేజీ దీపాల కోసం. పిక్సెల్ విలువలు రెట్టింపైతే లాప్లాసియన్ చెదురు నాలుగింతలవుతుంది, ఫోకస్ అదే అయినా. పసుపు దీపం నుంచి తెల్ల దీపానికి మారిన ప్రతిసారీ స్కోరు ఎగిరి గంతేస్తోంది. ముఖంలో మొత్తం వెలుగు నీడల చెదురుతో భాగిస్తే ఆ గంతు సర్దుకుంది.

చాలా పాఠాల్లో "100 దాటితే పదును, లేకపోతే మసక" అని ఒక సంఖ్య కనిపిస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు. బొమ్మ పరిమాణం మారితే, కెమెరా మారితే, ముఖానికి మేకప్ ఎంత వేశారన్నది మారినా ఆ సంఖ్యకి అర్థం మారిపోతుంది. ఒకే అంశంలో, ఒకే షాట్‌లో, ముందూవెనకా ఫ్రేములతో పోల్చుకున్నప్పుడే దానికి విలువ.

బుధవారం

ఈ రెండు రోజుల్లో తేలిందేమిటంటే, మసక అని మనం ఒకే మాట అంటున్నాం గానీ ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి ఫోకస్ తప్పడం. క్యామ్‌కార్డర్ మధ్యమధ్యలో బ్యానర్ మీదికి ఫోకస్ వెళ్లి ఒకటి రెండు సెకన్లు అక్కడే ఉండిపోయి మళ్లీ వస్తోంది, అప్పుడు పిల్ల శిల్పంలా నిలబడినా ముఖం మెత్తగానే ఉంటుంది. దాన్ని పై స్కోరు పట్టేస్తుంది. రెండోది కదలిక. ముఖం పదునుగా ఉండి చెయ్యి మాత్రం సాగిపోయి ఉండడం. ముఖాన్నే కొలుస్తున్నాను కాబట్టి ఇది నాకు కనిపించదు. చేతుల్ని కూడా లాప్లాసియన్‌తో కొలుద్దామని చూశాను, కుదరలేదు. పారాణి పెట్టిన వేళ్లు, గాజులు, వెనకాల పట్టుచీర అంచు ఒకే ముక్కలో పడతాయి, చెయ్యి మసకైనా అంచు పదునుగా ఉండి స్కోరు బాగా వస్తుంది.

కదలిక వల్ల వచ్చిన మసకని ఆ ఒక్క ఫ్రేములో వెతక్కుండా పక్క ఫ్రేముల్లో వెతకడం తేలిక. చెయ్యి ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకి ఎన్ని పిక్సెళ్లు జరిగిందో తెలిస్తే, షట్టర్ తెరిచి ఉన్నంతసేపు ఎంత జరిగి ఉంటుందో లెక్కే. షట్టర్ సమయాన్ని ఫ్రేము వ్యవధితో భాగించి, ఆ జరిగిన పిక్సెళ్లతో గుణిస్తే మసక పొడవు వస్తుంది. వీడియో తీసినాయనకి ఫోన్ చేసి అడిగితే షట్టర్ 1/50 పెట్టానన్నాడు. నా ఫ్రేములు ఇప్పుడు సెకనుకు 50. అంటే రెండూ సమానం, చెయ్యి ఎన్ని పిక్సెళ్లు జరిగితే అన్ని పిక్సెళ్ల మసక. అదే ఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేములు, షట్టర్ 1/60 అయి ఉంటే అందులో సగమే. షట్టర్ ఎంతో తెలియకపోతే ఫ్రేము వ్యవధి మొత్తం తెరిచే ఉందనుకోవడం క్షేమం, తక్కువ వెలుతురులో ఫోన్లు దాదాపు అదే చేస్తాయి.

జరుగుడుని కొలవడానికి ఓపెన్‌సీవీలోనే ఉన్న ఫార్నెబాక్ ఆప్టికల్ ఫ్లో వాడాను. ముఖం చతురస్రంలో ఒక మధ్యస్థ విలువ, ఒక్కో చేతి చతురస్రంలో ఒకటి. ప్రతి ఫ్రేముకీ ముందు ఫ్రేముతో ఒకసారి, తర్వాతి ఫ్రేముతో ఒకసారి చూసి, రెంటిలో పెద్దది తీసుకుంటున్నాను. ఒకవైపే చూస్తే, అప్పుడే ఆగిన చెయ్యీ ఆగే ఉన్న చెయ్యీ ఒకటే అయిపోతాయి.

ఎంతవరకు ఒప్పుకోవచ్చు అన్నది కవర్ ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. అసలు ఫ్రేము 1920 పిక్సెళ్ల వెడల్పు, కవర్ 1280. మొత్తం ఫ్రేము వాడితే 3 పిక్సెళ్ల మసక 2 అవుతుంది, ఫోన్‌లో చేతివేలంత బొమ్మగా చూసేవాళ్లకి అది తెలియను కూడా తెలియదు. అందుకని హద్దు 3 పెట్టుకున్నాను. ఇది దాటితే ఫ్రేము బయటికి, దాటకపోతే లోపలికి, అంతే. 0.5 ఉన్న ఫ్రేము 2 ఉన్న ఫ్రేము కన్నా గొప్పదేమీ కాదు. పదునుని తలుపు దగ్గర కాపలాగా పెట్టాలి గానీ మార్కులు వేసే పని దానికి ఇవ్వకూడదని నాకు గట్టిగా అనిపిస్తోంది. మార్కులిస్తే నిర్జీవంగా నిలబడ్డ ఫ్రేమే ప్రతిసారీ గెలుస్తుంది.

గురువారం రాత్రి

ఇప్పుడు ముఖం. ఇంతవరకు వచ్చినదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

మీడియాపైప్ ముఖం బిందువులతో పాటు 52 కదలికలకి విడివిడిగా సంఖ్యలు ఇస్తుంది, కనురెప్ప ఎంత మూసుకుంది (`eyeBlinkLeft`), పెదవి మూల ఎంత లేచింది (`mouthSmileLeft`), దవడ ఎంత తెరుచుకుంది (`jawOpen`), అలా. పుట్టినరోజు వీడియోకైతే రెప్పలు తెరిచి, నవ్వు ఎక్కువున్న ఫ్రేము తీసుకుంటే పని అయిపోతుంది. నేనూ అదే పెట్టి చూశాను. సత్యభామ ప్రవేశ దరువులో పదకొండు నిమిషాలుంటే, నవ్వు లెక్కన పైకి వచ్చినవన్నీ చివర్లో ప్రేక్షకులకి దణ్ణం పెట్టేటప్పటివి. పాత్ర అయిపోయి, మా పిల్ల మా పిల్లలా హాయిగా నవ్వుతున్నవి. చూడముచ్చటగా ఉన్నాయి గానీ వాటిలో సత్యభామ లేదు.

రెప్పల లెక్క కూడా ఇక్కడ నిలవలేదు. మామూలుగా కన్ను ఎత్తుని కన్ను వెడల్పుతో భాగించి, అది 0.2 కన్నా తగ్గితే కన్ను మూసినట్టు అనుకుంటారు. నాట్యంలో చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలి. చెయ్యి నడుము దగ్గరికి దిగితే చూపూ దిగుతుంది, పై రెప్ప వాలుతుంది, సంఖ్య 0.2 కిందికి పోతుంది. అది రెప్పపాటు కాదు. సత్యభామ గర్వంగా ఓరగా చూసే చూపంతా సగం వాలిన రెప్పలే. ఆ హద్దు పెడితే ఆ అంశంలో అన్నిటికన్నా మంచి ముఖాలే ఎగిరిపోతాయి.

మంచం మీద పడుకుని ఆలోచిస్తుంటే నిన్నటి పద్ధతే ఇక్కడికీ పనికొస్తుందని తట్టింది. రెప్పపాటు సెకనులో పదో వంతు నుంచి పదింట మూడు నాలుగు వంతుల దాకా ఉంటుంది, ఆ కొద్దిసేపట్లోనే రెప్ప దిగి మళ్లీ లేస్తుంది, సంఖ్య గీస్తే లోయలా ఉంటుంది. వాల్చిన చూపు అయితే దిగి అక్కడే ఉంటుంది. ఒక ఫ్రేములో చూస్తే రెండూ ఒకటే, పాతిక ఫ్రేములు వరసగా చూస్తే ఎవరైనా చెప్పేస్తారు. పెదవికీ, కనుబొమ్మకీ ఇదే వర్తిస్తుంది. కోపంగా ఉండనీ, ఆశ్చర్యంగా ఉండనీ, కావాలని పెట్టిన భావం కాసేపు నిలుస్తుంది. చూడ్డానికి ఇబ్బందిగా ఉండే ముఖాలన్నీ ఒక భావం నుంచి ఇంకో భావంలోకి మారేటప్పుడు మధ్యలో దొరికినవే.

కాబట్టి ఇది ఏ భావం అని ప్రోగ్రాంని అడగడం మానేశాను. భావం నిలబడి ఉందా అని మాత్రమే అడుగుతున్నాను. ఆ 52 సంఖ్యలూ వరసగా కనీసం 12 ఫ్రేముల పాటు, అంటే దాదాపు పావు సెకను, పెద్దగా మారకుండా ఉండాలి, అదే సమయంలో ముఖం, రెండు చేతులు 3 పిక్సెళ్ల హద్దులో ఉండాలి. అలాంటి ప్రతి చోటుకీ నిలకడ అని పేరు పెట్టుకున్నాను. ఒక నిలకడకి ఒకే ఫ్రేము.

శుక్రవారం

నిలకడలో ఏ ఫ్రేము తీసుకోవాలి? మధ్యది తీసుకుందామని మొదలుపెట్టి, ఒక పది నిలకడల్ని ఫ్రేము ఫ్రేముగా చూశాను. ప్రతిదానిలోనూ ఒకటే జరుగుతోంది. శరీరం ఆగిన మొదటి నాలుగైదు ఫ్రేముల్లో జుంకాలూ జడా ఇంకా ఊగుతూనే ఉంటాయి, ముఖం మీద చెంపస్వరాలు కదులుతుంటాయి. ఆ తర్వాత అన్నీ కుదురుకుంటాయి. ఇక చివర్లో, చేతులు ఇంకా అలాగే ఉండగానే ముఖం మాత్రం కొద్దిగా జారుతుంది, ఊపిరి వదలడం, తర్వాతి అడుగు గుర్తు చేసుకోవడం. కళ్లలో ముందు తెలుస్తుంది. అందుకని నిలకడ పొడవులో మొదటి మూడో వంతు దాటాక, సగం లోపు పడే ఫ్రేములు తీసుకుని, వాటిలో ముఖం పదును ఎక్కువున్నది ఎంచమని పెట్టాను. పదునుకి పని ఇచ్చింది ఇక్కడొక్కచోటే, ఒకేలా ఉన్న మూడు నాలుగు ఫ్రేముల్లో ఒకదాన్ని తేల్చడానికి.

ఆదివారం, టీచర్ గారింట్లో

సత్యభామ అంశం లెక్క ఇది. పదకొండు నిమిషాలు, 33,000 ఫ్రేములు. ముఖం దొరికి, 96 పిక్సెళ్ల పైన ఉన్నవి దాదాపు 21,000. మొదట్లో తెర వెనక ఉండి జడ మాత్రమే ముందుకి వేసి చూపించే ఘట్టం మొత్తం ఇక్కడే పోయింది, అక్కడ ముఖమే లేదు కదా. దాని నుంచి మూడు ఫ్రేములు చేత్తోనే తీసి పక్కన పెట్టాను. మిగిలినవాటిలో నిలకడలు 46. ఫోకస్ బ్యానర్ మీదుండగా వచ్చినవి ఐదు పోయాయి. ఒకే భంగిమ కుడివైపూ ఎడమవైపూ, మళ్లీ రెండో వేగంలోనూ వచ్చినవి కలిపేస్తే 14 మిగిలాయి.

టాబ్‌లో ఒక్కోటీ చూపించాను. టీచర్ గారు కళ్లజోడు సర్దుకుని, ఒక్కోదాని మీదా రెండు సెకన్లు కూడా ఆగలేదు. వద్దు, వద్దు, ఉంచు, వద్దు. పధ్నాలుగులో మూడు ఉంచారు. నేను బాగున్నాయనుకున్నవాటిలో రెండు పోయాయి. ఒకదాన్ని పట్టుకుని ఎందుకు వద్దన్నారో అడిగాను.

"మొహం బాగానే ఉంది బాబూ, చెయ్యీ బాగానే ఉంది. రెండూ ఒకదానికొకటి తెలియనట్టున్నాయి చూడు. చెయ్యి కుడివైపు చెబుతోంది, తను ఎదురుగా చూస్తోంది. అక్కడ తాళం కోసం ఆగింది గానీ చూపు ఇంకా రాలేదు" అన్నారు.

పక్కనే కూర్చున్న మేనకోడలు, "అవును మావయ్యా, అక్కడ టీచర్ గారు ఎన్నిసార్లు దిద్దారో" అంది.

ఇది కొలవొచ్చా అని అక్కడే ఆలోచించాను. కనుపాప ఎటుందో మీడియాపైప్ బిందువులు ఇస్తుంది. కానీ ముఖమే 110 పిక్సెళ్లున్నప్పుడు కనుపాప ఆరేడు పిక్సెళ్లు, ఒక్క పిక్సెల్ అటూ ఇటూ అయితే చూపు ఎడమ నుంచి కుడికి మారిపోతుంది. దగ్గర షాట్లలో, ముఖం 250 పిక్సెళ్ల పైన ఉన్నప్పుడు మాత్రం సరిగ్గా చెబుతోంది. దూరం షాట్లకి తల ఎటు తిరిగిందన్నదే చూసి, పైకెత్తిన చెయ్యి ఉన్న వైపుకీ తల తిరిగిన వైపుకీ పొంతన లేకపోతే ఆ ఫ్రేముని వరుసలో కిందికి దించుతున్నాను. తీసెయ్యట్లేదు. తల నిటారుగా ఉంచి ఓరగా కళ్లతోనే చూసే భంగిమలు ఈ అంశంలోనే ఉన్నాయి, తీసేస్తే అవి పోతాయి.

మూడింటిలో చివరికి నాలుగో నిమిషం పన్నెండో సెకను దగ్గరున్నది ఖాయం చేశారు. ఎడమ చెయ్యి నడుము మీద, కుడి చేత్తో జడ పట్టుకుని, గడ్డం కాస్త ఎత్తి ఓరచూపు. `mouthSmileLeft` సున్నాకి దగ్గర, కన్ను ఎత్తు వెడల్పుల నిష్పత్తి 0.17. గురువారం నేను పెట్టిన హద్దులతో ఈ ఫ్రేము మొదటి జల్లెడలోనే రాలిపోయేది.

అంతా అయిపోయిందనుకుంటే ఆవిడ టాబ్ మీద రెండు వేళ్లతో దగ్గరికి లాగి, "నడుము నుంచి పైకి ఉంటే చాలు, స్టేజీ అంతా ఎందుకు" అన్నారు. మంచి మాటే. కానీ నా 3 పిక్సెళ్ల హద్దు మొత్తం ఫ్రేముకి పెట్టుకున్నది. నడుము పైకి కత్తిరిస్తే 960 పిక్సెళ్ల వెడల్పు మిగులుతుంది, దాన్ని 1280కి సాగదీయాలి, 3 పిక్సెళ్ల మసక 4 అవుతుంది. మొత్తం ఫ్రేములో 2గా కనిపించేది రెట్టింపన్నమాట. అంటే కత్తిరింపుకి హద్దు 1.5 ఉండాలి. ఈ ఫ్రేములో ముఖం 0.6, నడుము మీద చెయ్యి 0.4, జడ పట్టుకున్న చెయ్యి 1.9. నిలకడలో రెండు ఫ్రేములు ముందుకి జరిగి చూస్తే ఆ చెయ్యి 1.1కి దిగింది, ముఖం అదే. దాన్ని తీసుకున్నాను.

```
ffmpeg -ss 00:04:12.400 -i satya.mp4 -frames:v 1 \
  -vf "crop=960:540:520:90,scale=1280:720:flags=lanczos" satya_cover.png
```

కత్తిరించేటప్పుడు ఇంకొకటి చూసుకున్నాను. కవర్ మీద కింద కుడి మూలలో వీడియో నిడివి చూపించే నల్ల డబ్బా వస్తుంది. పిల్లని కుడికి జరిపితే వడ్డాణం దాని కింద పడిపోతోంది, అందుకే కత్తిరింపుని కాస్త కుడికి జరిపి, పిల్ల ఎడమ సగంలో ఉండేలా పెట్టాను.

తర్వాతి శనివారం

ఆరు అంశాలకి కవర్లు అయిపోయాయి. మిగిలింది తరంగం, అక్కడ ప్రోగ్రాం చేతులెత్తేసింది. ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు పెట్టి పళ్లెంతో సహా జరుగుతూ చేసే ఘట్టమే ఆ అంశానికి ప్రాణం, కవర్ మీద అదే ఉండాలి. అక్కడ ఒళ్లంతా సన్నగా ఊగుతూనే ఉంటుంది. తొమ్మిది నిమిషాల్లో వచ్చిన నిలకడలు ఏడు, ఏడూ పళ్లెం ఎక్కక ముందువే. హద్దుని 5కి పెంచి చూస్తే నిలకడలు వచ్చాయి గానీ ముఖాలు మెత్తబడ్డాయి.

పళ్లెం ఘట్టాన్ని విడిగా తీసి ముఖం కదలిక మాత్రమే గీత గీయించి చూశాను. గీత అలలు అలలుగా ఉంది. ఒక పక్కకి ఒరిగి, మళ్లీ రెండో పక్కకి ఒరిగేముందు, ఆ చివర కొసన రెండు మూడు ఫ్రేములు కదలిక దాదాపు సున్నాకి పడుతోంది, ఉయ్యాల చివరికి వెళ్లి తిరిగొచ్చే ముందు ఆగినట్టు. 12 ఫ్రేముల నిలకడ అడిగితే అవి ఎప్పటికీ దొరకవు. ఈ ఒక్క అంశానికి పొడవు షరతుని 3 ఫ్రేములకి తగ్గించి, కదలిక హద్దుని 3 దగ్గరే ఉంచి, ముఖభావం నిలకడ మాత్రం పాత 12 ఫ్రేముల మీదే కొలిచాను, ఎందుకంటే ఒళ్లు ఊగుతున్నా ఆ ఘట్టంలో ముఖం మీద ప్రసన్నత అలాగే నిలిచి ఉంటుంది. తొమ్మిది ఫ్రేములు వచ్చాయి. పళ్లెం మొత్తం కనిపించాలి కాబట్టి కత్తిరింపు లేదు, 3 సరిపోతుంది. వాటిలో రెండింటిలో పళ్లెం అంచు నిడివి డబ్బా కిందికి వెళ్తోంది. ఏడు టీచర్ గారికి పంపాను.

రాత్రి తొమ్మిదింటికి జవాబు వచ్చింది. నాలుగోది పెట్టమన్నారు, మూడోదాంట్లో ఎడమ చెయ్యి ఉంగరపు వేలు దిద్దాలని మేనకోడలికి విడిగా మెసేజ్ పెట్టారట.